పెళ్లికి రెండు వారాల సెలవు చీటీ

కూతురికి రెండు వారాల సెలవు కోరుతూ తండ్రి ప్రధానోపాధ్యాయునికి రాసే ఉత్తరంలో అమ్మాయి పేరు, తరగతి, సెక్షన్, సెలవు తేదీలు ముందే కనిపించాలి. ‘బంధువుల పెళ్లి’ అని వదిలేస్తే చాలదు. పెళ్లి ఒక్కరోజేగా అని టీచరుకు తోస్తుంది మరి! సొంత మేనమామ పెళ్లి అనీ, పసుపు దంచే రోజు నుంచి సత్యనారాయణ వ్రతం దాకా ఊళ్లో ఉండాలనీ, రానుపోను ప్రయాణానికి ఇన్ని రోజులనీ రాస్తే లెక్క కుదురుతుంది. జ్వరమని రాస్తే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు. చేతి గోరింటాకు ఎలాగూ దాగదు.

శనివారాలూ బడి ఉంటే పోయేది 12 పనిదినాలు. విద్యాహక్కు చట్టం ఏడో తరగతికి ఏడాదికి కనీసం 220 పనిదినాలు ఉండాలంటుంది కనుక హాజరు తగ్గేది దాదాపు ఐదున్నర శాతమే. అసలు చిక్కు ఆ తేదీల్లో పడే యూనిట్ టెస్టు. దాన్ని తర్వాత రాయనిస్తారా అని ఉత్తరంలోనే అడగాలి.