చుక్కలు లెక్కపెట్టి పొలం వైశాల్యం కనుక్కోవడం ఎలా?



ఎనిమిదో తరగతిలో బోర్డు మీద చుక్కలు పెట్టి, వాటి మధ్య ఒక వంకర పొలం గీశాను. చుక్కకీ చుక్కకీ మధ్య దూరం 33 అడుగులు అనుకోమన్నాను. ఆ పొలం ఎన్ని గుంటలు అని అడిగితే ఒక అబ్బాయి 21 అన్నాడు, ఒక అమ్మాయి 23 అంది. ఇద్దరూ ఒకే సూత్రం వాడారు, కూడికలూ తప్పు లేవు. అయినా రెండు జవాబులూ తప్పే. ఎక్కడ తప్పిందో ఇంట్లో పెద్దవాళ్లు కూడా పిల్లలతో కూర్చుని చూస్తారని ఇది రాస్తున్నాను.

ముందు 33 అడుగులే ఎందుకో చెప్తాను. మన కోలారు వైపు భూమిని ఎకరాలు, గుంటల్లో చెప్పుకుంటాం కదా. 40 గుంటలు ఒక ఎకరం. ఒక గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చదరం, అంటే 1089 చదరపు అడుగులు. కాబట్టి చుక్కల మధ్య దూరం 33 అడుగులు అనుకుంటే, పక్కపక్కనున్న నాలుగు చుక్కల మధ్య చదరం సరిగ్గా ఒక గుంట అవుతుంది. వచ్చిన జవాబును మళ్లీ గుంటల్లోకి మార్చే పని ఉండదు.

సూత్రం

పొలం మూలలన్నీ చుక్కల మీదే ఉండాలి. గట్లు తిన్నని గీతలుగా ఉండాలి. అప్పుడు రెండు లెక్కలు చాలు. గీత మీద పడే చుక్కలను గట్టు చుక్కలు అందాం, మూలలూ వీటిలోకే వస్తాయి. గీతకు లోపల మిగిలినవి లోపలి చుక్కలు.

వైశాల్యం = లోపలి చుక్కలు + (గట్టు చుక్కలు ÷ 2) − 1

ఒక్క గుంట చదరంతో సరిచూద్దాం. గట్టు మీద 4 చుక్కలు, లోపల ఒక్కటీ లేదు. 0 + 2 − 1 = 1. సరిపోయింది. 3 గుంటల పొడవు, 2 గుంటల వెడల్పు ఉన్న మడి తీసుకుంటే గట్టు మీద 10, లోపల 2. 2 + 5 − 1 = 6. ఇదీ సరే.

ఈ సంగతిని 1899లో ప్రచురించినవారు గియోర్గ్ పిక్. వియన్నాలో పుట్టి, ప్రాగ్ నగరంలో గణితం బోధించిన ఆచార్యుడు. అందుకే దీన్ని పిక్ సిద్ధాంతం అంటారు. ఆయన యూదుడు కావడంతో వృద్ధాప్యంలో నాజీలు నిర్బంధ శిబిరానికి పంపారు, 1942లో అక్కడే కన్నుమూశారు.

మన వంకర పొలం

ఇప్పుడు బోర్డు మీది పొలానికి వద్దాం. దానికి ఐదు మూలలు. ఎడమ పక్క కింది మూల ‘క’. అక్కడి నుంచి కుడికి 4 అడుగులు వేస్తే ‘చ’. (ఇక్కడ అడుగు అంటే ఒక చుక్క నుంచి పక్క చుక్కకు పోవడం.) ‘చ’ నుంచి కుడికి 2, పైకి 4 వేస్తే ‘ట’. ‘ట’ నుంచి ఎడమకు 4, పైకి 1 వేస్తే ‘త’. ‘త’ నుంచి ఎడమకు 2, కిందికి 2 వేస్తే ‘ప’. ‘ప’ నుంచి తిన్నగా 3 అడుగులు కిందికి దిగితే మళ్లీ ‘క’.

కింది బొమ్మలో నిండు చుక్కలు గట్టువి, సున్నాలు లోపలివి, చిన్న చుక్కలు పొలానికి బయటివి.

```
· · ● · · · ·
· ● ○ ○ ○ ○ ●
● ○ ○ ○ ○ ○ ·
● ○ ○ ○ ○ ● ·
● ○ ○ ○ ○ · ·
● ● ● ● ● · ·
```

లోపలి చుక్కలను వరుస వరుసగా ఎంచండి. పై నుంచి రెండో వరుసలో 4, తర్వాత 5, తర్వాత 4, తర్వాత 4. మొత్తం 17. గట్టు చుక్కలు 12. కాబట్టి 17 + 6 − 1 = 22 గుంటలు. అంటే అర ఎకరం మీద 2 గుంటలు.

తప్పు ఎక్కడ జరిగింది?

ఇద్దరు పిల్లలకూ గట్టు చుక్కలు 10 మాత్రమే కనిపించాయి. వాళ్లకు దొరకనివి రెండు. ఒకటి ‘చ’ నుంచి ‘ట’ దాకా వాలుగా పోయే గట్టు నడుమ ఉంది. రెండోది ‘త’, ‘ప’ల నడుమ ఉంది. అబ్బాయి ఆ రెండింటినీ అసలు ఎంచలేదు. 17 + 5 − 1 = 21 వచ్చింది. అమ్మాయి వాటిని లోపలివి అనుకుంది. 19 + 5 − 1 = 23 వచ్చింది. గట్టు చుక్క ఒకటి వదిలేస్తే అర గుంట తగ్గుతుంది, దాన్నే లోపల వేసుకుంటే అర గుంట పెరుగుతుంది. రెండు చుక్కలు కాబట్టి ఒక గుంట తేడా. 30-40 సైటు 1200 చదరపు అడుగులు కదా, పోయింది దాదాపు అంత జాగా!

అడ్డంగా, నిలువుగా ఉన్న గట్టు మీద చుక్కలు ఎవరికైనా కనిపిస్తాయి. వాలు గట్టు దగ్గరే కన్ను మోసం చేస్తుంది. స్కేలు కాస్త జరిగినా, గీత లావైనా చుక్క గీత మీద ఉందా పక్కన ఉందా తెలియదు. కాబట్టి అక్కడ కంటిని నమ్మకుండా లెక్క చేయాలి. ఒక మూల నుంచి ఇంకో మూలకు అడ్డంగా ఎన్ని అడుగులు, నిలువుగా ఎన్ని అడుగులు అని చూసి, ఆ రెండు సంఖ్యల గ.సా.భా. కనుక్కోండి. ఆ గట్టును చుక్కలు అన్ని సమాన ముక్కలుగా విడదీస్తాయి. ‘చ’ నుంచి ‘ట’కు 2, 4. గ.సా.భా. 2. రెండు ముక్కలు, అంటే నడుమ ఒక చుక్క ఉండి తీరాలి. ‘ట’ నుంచి ‘త’కు 4, 1. గ.సా.భా. 1. నడుమ చుక్క లేదు. ‘త’ నుంచి ‘ప’కు 2, 2. నడుమ ఒక చుక్క. తిన్నని గట్లకు అడుగుల సంఖ్యే ముక్కల సంఖ్య. ఐదు గట్ల ముక్కలూ కూడితే 4 + 2 + 1 + 2 + 3 = 12. గట్టు చుక్కలు కూడా అంతే. ఇలా చేస్తే బొమ్మ గీయకుండానే గట్టు లెక్క వచ్చేస్తుంది.

జవాబు సరైందో కాదో వేరే దారిలో కూడా చూడాలి. పొలం చుట్టూ 6 గుంటల పొడవు, 5 గుంటల ఎత్తు ఉన్న పెట్టె గీయండి. అది 30 గుంటలు. పెట్టెలో పొలానికి బయట మూడు మూలల్లో మూడు లంబకోణ త్రిభుజాలు మిగులుతాయి. కింద కుడి మూలది 2 × 4 లో సగం, అంటే 4. పైన కుడి మూలది 4 × 1 లో సగం, అంటే 2. పైన ఎడమ మూలది 2 × 2 లో సగం, అంటే 2. మొత్తం 8. 30 లోంచి 8 తీసేస్తే 22. ఇక అనుమానం లేదు.

ఆ సగం ఎందుకు, ఆ ఒకటి ఎందుకు?

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఇది తప్పక అడుగుతారు. పొలంలోని చుక్కలన్నీ, గట్టువీ లోపలివీ, గీతలతో కలుపుతూ పొలాన్ని చిన్న చిన్న త్రిభుజాలుగా కోయండి. ఏ త్రిభుజానికీ మూలల్లో తప్ప ఇంకెక్కడా చుక్క ఉండకూడదు. అలాంటి త్రిభుజం ఎంత సన్నగా, ఎంత వాలుగా ఉన్నా దాని వైశాల్యం సరిగ్గా అర గుంటే. ఇది నిజమని రుజువు చేయవచ్చు, ఇప్పటికి రెండు మూడు గీసి సరిచూసుకోండి. ఇక త్రిభుజాలు ఎన్నో తెలిస్తే చాలు.

వాటిని కోణాలతో ఎంచుదాం. ప్రతి త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలు. ఒక్కో లోపలి చుక్క చుట్టూ 360 డిగ్రీలు నిండుతాయి, అంటే రెండు త్రిభుజాల కోణాలంత. గట్టు చుక్కలన్నింటినీ మూలలుగానే భావిస్తే (తిన్నని గట్టు మీది చుక్క దగ్గర కోణం 180) ఇది 12 భుజాల బహుభుజి. దాని కోణాల మొత్తం (12 − 2) × 180, అంటే పది త్రిభుజాలంత. కాబట్టి త్రిభుజాలు 17 × 2 + 10 = 44. ఒక్కొక్కటి అర గుంట, మొత్తం 22. గట్టు చుక్కకు సగం విలువ ఎందుకో, చివర 1 ఎందుకు పోతుందో ఇక్కడే ఉంది. బహుభుజి కోణాల సూత్రంలో తీసేసే ఆ 2, సగమై 1 అయింది.

ముగ్గు చుక్కల్లో చెల్లుతుందా?

ఇంటి ముందు ముగ్గు వేసే అమ్మలకు ఈ చుక్కలు కొత్త కాదు. చుక్కలు ఎదురెదురుగా పెట్టే ముగ్గు మన బోర్డు లాంటిదే. సందు చుక్కల ముగ్గులో ఒక వరుస చుక్కలు పై వరుస చుక్కల సందులోకి వస్తాయి. అక్కడా ఈ సూత్రమే చెల్లుతుంది, కొలత మాత్రం మారుతుంది. చదరానికి బదులు వాలిన సమాంతర చతుర్భుజం ఒక యూనిట్ అవుతుంది. దాని వైశాల్యం, పక్కపక్క చుక్కల దూరాన్ని వరుసల మధ్య దూరంతో గుణిస్తే వస్తుంది. మెలికల ముగ్గుకు మాత్రం ఇది పనికిరాదు. అక్కడ గీత చుక్కలను తాకకుండా వాటి చుట్టూ తిరుగుతుంది కాబట్టి గట్టు చుక్కలే ఉండవు.

నిజమైన పొలానికీ ఒక హద్దు ఉంది. గట్టు మూలలు మన చుక్కల మీదే పడాలని ఎక్కడా లేదు. మూలను దగ్గరి చుక్కకు జరిపితే వచ్చేది అంచనా మాత్రమే. పహణిలో ఉన్న విస్తీర్ణంతో తేడా వస్తే ఈ కాగితం పట్టుకుని వాదానికి పోకండి, అది సర్వేయర్ గొలుసుతో తేలాల్సిన పని. చుక్కలు దగ్గర దగ్గరగా పెట్టే కొద్దీ అంచనా మెరుగవుతుంది.

పిల్లలూ, ఇది ఇంటి పని. మన వంకర పొలాన్నే పదహారున్నర అడుగులకు ఒక చుక్క పెట్టి మళ్లీ గీయండి. ఇప్పుడు ఒక చిన్న చదరం పావు గుంట. గట్టు చుక్కలు ముందుగా గ.సా.భా.తో లెక్కకట్టి, ఆ తర్వాతే బొమ్మలో ఎంచండి. గట్టు మీద 24, లోపల 77 రావాలి. 77 + 12 − 1 = 88 పావు గుంటలు, అంటే మళ్లీ 22 గుంటలే. మీకు వేరే సంఖ్య వస్తే ముందు వాలు గట్ల దగ్గర వెతకండి.

— ప్రధానోపాధ్యాయుడు