తెల్లారేలోగా పన్నెండు కంప్యూటర్లు

రేపు ఎప్‌సెట్ దరఖాస్తులకు పిల్లలు వరుస కడతారు. జనగామలోని ఆ నెట్ సెంటర్లో ఎవరిదో పెన్‌డ్రైవ్ తెచ్చిన వైరస్ పన్నెండు కంప్యూటర్లకూ పాకింది. ఒక్కోదానికి విండోస్ వేసి, ప్రింటర్, స్కానర్ డ్రైవర్లు, తెలుగు ఫాంట్లు పెట్టాలంటే గంటన్నర. రాత్రి చాలదు.

యజమాని ఒక్క కంప్యూటర్నే శుభ్రంగా సిద్ధం చేశాడు. క్లోన్‌జిల్లాతో దాని డిస్కు మొత్తాన్నీ ఇమేజ్‌గా బయటి హార్డ్‌డిస్కులోకి తీసుకున్నాడు. మిగతా పదకొండూ ఒకే మోడల్ కావడం కలిసొచ్చింది; ఇమేజ్ ఎక్కించడానికి ఒక్కోదానికి ఇరవై నిమిషాలే. నకలులో కంప్యూటర్ పేరు కూడా అదే వస్తుంది కాబట్టి నెట్‌వర్క్‌లో గొడవ పడకుండా ప్రతిదానికీ వేరే పేరు పెట్టాడు.

నాలుగింటికి ఏడో కంప్యూటర్ మొరాయించింది. ఇంటర్నెట్ ఉంది, ఏ సైటూ తెరుచుకోదు, భద్రతా హెచ్చరికే. మూల చూస్తే తేదీ 2009! మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పితే సైటు భద్రతా సర్టిఫికెట్ చెల్లదని బ్రౌజర్ అనుకుంటుంది. బిళ్ల మార్చి, తేదీ దిద్దితే సరిపోయింది.

నెట్ సెంటర్ నడిపేవారు ఇలాంటి ఇమేజ్ ఒకటి ముందే తీసి, ఆ డిస్కును ఊడదీసి విడిగా దాచుకోండి.