రాత్రి ఫొటోలో ముందు నాయిస్, తర్వాతే షార్ప్‌నెస్

ఎక్కువ ఐఎస్‌ఓ పెట్టి రాత్రిపూట తీసిన ఫొటోలో చుక్కచుక్కలుగా కనిపించే గరుకుదనాన్ని నాయిస్ అంటారు. వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు సెన్సర్‌లోని పక్కపక్క పిక్సెళ్లకు కాంతి ఒకే మోతాదులో అందదు. ఆ కొద్దిపాటి సంకేతాన్ని పెంచి చూపేసరికి ఈ హెచ్చుతగ్గులు కూడా పెరిగి కనిపిస్తాయి. షార్పెనింగ్ చేసే పని పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడాను పెంచడం. ఆ తేడా గోడ అంచు వల్ల వచ్చిందా, నాయిస్ వల్ల వచ్చిందా అన్నది దానికి పట్టదు. నాయిస్ రిడక్షన్ ఇందుకు సరిగ్గా ఎదురు పని చేస్తుంది, తేడాలను చదును చేస్తుంది. రెండింటినీ గట్టిగా వాడితే ఫొటో రెండు విధాలా చెడుతుంది.

చెడిన ఫొటోను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఆకాశంలో పురుగులు పాకినట్టు సన్నని గీతలు కనిపిస్తే, సగం చదునైన నాయిస్ మీద షార్పెనింగ్ పడిందని అర్థం. భవనం అంచు వెంట తెల్లని గీత మెరిస్తే షార్పెనింగ్ మితిమీరిందన్నమాట. రాళ్లు, ముఖాలు మైనం పూసినట్టు నున్నగా ఉంటే నాయిస్ రిడక్షన్ ఎక్కువైనట్టు.

రాత్రి దీపాల వెలుగులో చార్మినార్‌ను ఐఎస్‌ఓ 6400 దగ్గర తీసిన రా ఫైలును ఉదాహరణగా తీసుకోవచ్చు. లైట్‌రూమ్‌లో ఫైలు తెరవగానే Sharpening కింద Amount 40 దగ్గర ఉంటుంది. నాయిస్‌ను సరిగ్గా అంచనా వేయాలంటే ముందు దాన్ని సున్నాకు తేవాలి. ఎక్స్‌పోజర్, నీడల సవరణలు కూడా ముందే ముగించాలి, ఎందుకంటే నీడలను వెలిగించిన కొద్దీ అక్కడ దాగిన నాయిస్ బయటపడుతుంది. ఆపై ఫొటోను 100 శాతం సైజులో పెట్టి మూడు చోట్లు చూడాలి: నల్లటి ఆకాశం, ఆకాశాన్ని ఆనుకున్న మినార్ అంచు, వెలుగు పడిన గచ్చు నగిషీ.

మొదటి వంతు రంగు నాయిస్‌ది. నీడల్లో ఎరుపు, ఆకుపచ్చ మచ్చలుగా కనిపించేది ఇదే. Color స్లైడర్ మామూలుగా 25 దగ్గర ఉంటుంది, చాలా ఫొటోలకు అది సరిపోతుంది. మచ్చలు మిగిలితేనే కొంచెం పెంచాలి. మరీ పెంచితే చిన్న దుకాణాల బోర్డుల రంగులు వెలిసిపోయి, పక్కకు కారినట్టు కనిపిస్తాయి.

తర్వాత Luminance. ఇది వెలుగునీడల గరుకుదనాన్ని తగ్గిస్తుంది. సున్నా నుంచి మెల్లగా పెంచుతూ చూపును ఆకాశం మీద కాక నగిషీ మీద నిలపాలి. చెక్కడపు గీతలు కరగడం మొదలైన చోట ఆగి కాస్త వెనక్కి రావాలి. ఇలాంటి ఫొటోలో అది 25, 30 దగ్గర తేలవచ్చు. కెమెరాను బట్టి, ఎక్స్‌పోజర్‌ను బట్టి ఈ అంకె మారుతుంది. ఆకాశంలో సన్నని ఇసుక లాంటి గరుకు మిగిలినా ఫర్వాలేదు. అది మైనపు నునుపు కంటే సహజంగా ఉంటుంది.

ఇప్పుడు షార్పెనింగ్‌కు తిరిగి రావాలి. Amount 40 దగ్గర, Radius 0.8 నుంచి 1.0 మధ్య ఉంచితే చాలు. Radius పెరిగితే అంచుల వెంట తెల్లగీత వెడల్పవుతుంది. దాని కింది Detail స్లైడర్‌ను 10 దాకా తగ్గించాలి, ఎక్కువగా ఉంటే అది నాయిస్ చుక్కలను కూడా వివరాలుగా లెక్కేసి పైకి తెస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది Masking. Alt మీట నొక్కి పట్టుకుని (మ్యాక్‌లో Option) ఈ స్లైడర్‌ను జరిపితే ఫొటో నలుపు తెలుపుల్లోకి మారుతుంది. తెల్లగా ఉన్న చోటే షార్పెనింగ్ పడుతుంది, నల్లని చోటు దాదాపు తప్పించుకుంటుంది. ఆకాశం పూర్తిగా నల్లబడి, మినార్లు, కమానుల అంచులు మాత్రం తెల్లగా నిలిచేదాకా జరపాలి. అది తరచుగా 70 దాటుతుంది.

ఆకాశంలో ఇంకా గరుకు ఎక్కువగా ఉంటే మొత్తం ఫొటో మీద Luminance పెంచనక్కర్లేదు. ఆకాశాన్ని మాత్రమే మాస్క్‌తో ఎంచి, అక్కడ Noise విలువ పెంచి, Sharpness ను సున్నా కంటే కిందికి దించితే నగిషీ చెక్కుచెదరదు. Clarity, Dehaze కూడా ఆకాశంలోని నాయిస్‌ను రేపుతాయి కాబట్టి వాటిని కట్టడానికే పరిమితం చేయడం మంచిది.

ఫొటో చివరికి ఏ సైజులో వాడతారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 6000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోను ఫోన్ కోసం 2000కు కుదిస్తే దాదాపు తొమ్మిదేసి పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, ఆ సగటులోనే నాయిస్ చాలావరకు అణిగిపోతుంది. అలాంటప్పుడు Luminance ఇంకా తగ్గించవచ్చు. పెద్ద ప్రింటుకైతే 100 శాతం దగ్గర చేసిన పరీక్షే ప్రమాణం. చెయ్యి కదిలి అలుక్కుపోయిన అంచును మాత్రం షార్పెనింగ్ నిలబెట్టలేదు. నాయిస్‌లో పూర్తిగా మునిగిపోయిన వివరాన్ని కూడా ఈ స్లైడర్లు వెనక్కి తేలేవు.