ఆరో ఘాతం చాటున వర్గ సమీకరణం

x⁶ − 7x³ − 8 = 0. పదో తరగతి లెక్కల పుస్తకం దాటివచ్చిన వాళ్లెవరైనా సాధించగలిగిన సమీకరణమే ఇది. అయినా చాలామంది ఆ ఆరు అంకె దగ్గరే ఆగిపోతారు. వర్గ సమీకరణానికి సూత్రం నేర్చుకున్నాం, ఆరో ఘాతానికి ఎవరూ ఏమీ చెప్పలేదే అనుకుంటారు.

చూడాల్సింది ఆరు ఒక్కదాన్నే కాదు, మిగతా ఘాతాలనూ. ఇందులో x ఆరో ఘాతంలో ఉంది, మూడో ఘాతంలో ఉంది, చివర ఒట్టి సంఖ్య ఉంది. ఆరు మూడుకు సరిగ్గా రెట్టింపు. అంటే x⁶ అన్నది x³ కి వర్గం. x³ ని t అనుకుంటే సమీకరణం ఇలా మారుతుంది:

t² − 7t − 8 = 0

కారణాంకాలు కంటికే కనిపిస్తాయి: (t − 8)(t + 1) = 0. కాబట్టి t విలువ 8 గానీ −1 గానీ కావాలి. ఈ వెసులుబాటు ఘాతాలు 6, 3, 0 మాత్రమే ఉన్నప్పుడే దొరుకుతుంది. మధ్యలో ఒక్క x గానీ x² గానీ చేరిందా, t పెట్టినా x మిగిలిపోతుంది, దారి మూసుకుపోతుంది.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది దీని తర్వాతే. కొందరు 8, −1 లనే జవాబుగా రాసి పెన్ను మూసేస్తారు. అవి t విలువలు, మనకు కావాల్సింది x. ఇంకొందరు x³ = 8 అనగానే వర్గమూలాల అలవాటు కొద్దీ x = ±2 అని రాస్తారు. −2 ని ఘనం చేస్తే −8 వస్తుంది, 8 కాదు. సమీకరణంలో వేసి చూసినా 64 + 56 − 8 = 112 వస్తుంది, సున్నా రాదు. మూడో పొరపాటు x⁴ ఉన్న లెక్కల నుంచి వచ్చేది. అక్కడ x² = −1 వస్తే వాస్తవ మూలం లేదని వదిలేస్తాం. ఇక్కడ x³ = −1 ని అలా వదలకూడదు. రుణ సంఖ్యకు వాస్తవ ఘనమూలం నిక్షేపంగా ఉంది, అది −1.

ఇప్పటికి 2, −1 అనే రెండు మూలాలు దొరికాయి. ఆరో ఘాత సమీకరణానికి మూలాలు ఆరు ఉండాలి కదా, మిగతా నాలుగు ఎక్కడ? ప్రతి ఘనాన్నీ కారణాంకాలుగా విడదీస్తే బయటపడతాయి. x³ − 8 అంటే (x − 2)(x² + 2x + 4). ఈ రెండో కారణాంకానికి విచక్షణి −12, అందుకే మూలాలు −1 ± √3 i అనే సంకీర్ణ సంఖ్యలు. అలాగే x³ + 1 అంటే (x + 1)(x² − x + 1). దీని నుంచి (1 ± √3 i)/2 వస్తాయి. సరిచూసుకోవడం తేలిక. సమీకరణంలో x⁵ పదం లేదు కాబట్టి ఆరు మూలాల మొత్తం సున్నా కావాలి: 2 − 2 − 1 + 1 = 0. కుదిరింది.

ఇలాంటి సమీకరణం పరీక్ష పేపరు కోసం ఎవరో అల్లిన చిక్కుముడి అనిపించవచ్చు. నిజానికి అది గణిత చరిత్రలో తనంతట తానే ఎదురైంది, అదీ ఇంతకన్నా చిన్నదైన ఘన సమీకరణాన్ని సాధిస్తుండగా. ఘన సమీకరణాలను సాధించే పద్ధతిని ఇటలీలో డెల్ ఫెర్రో, టార్టాగ్లియా కనుక్కున్నారు. 1545లో కార్డానో దాన్ని తన పుస్తకంలో అచ్చువేశాడు. ఆ పద్ధతికి లొంగీ లొంగనట్టు మొరాయించిన సమీకరణం ఒకటుంది. 1572లో వెలువడిన తన బీజగణితంలో బొంబెల్లి దాన్ని చేపట్టాడు:

x³ = 15x + 4

4 వేసి చూడండి: 64 = 60 + 4. మూలం కళ్లెదుటే ఉంది. మరి పద్ధతి ప్రకారం వెళితే ఏమవుతుంది? నేటి గుర్తుల్లో చెప్పాలంటే, x ని u + v అని రెండు ముక్కలు చేస్తాం. అప్పుడు x³ = u³ + v³ + 3uv·x. దీన్ని పై సమీకరణంతో పోలిస్తే 3uv = 15, అంటే uv = 5; ఇక u³ + v³ = 4. v బదులు 5/u రాసి, అంతటినీ u³ తో గుణిస్తే వచ్చేది ఇది:

u⁶ − 4u³ + 125 = 0

మూడో ఘాతాన్ని సాధించబోతే ఆరో ఘాతం వచ్చిపడింది! కానీ ఇందులోనూ ఘాతాలు 6, 3, 0 మాత్రమే. t = u³ అంటే t² − 4t + 125 = 0. సూత్రం వేస్తే t = 2 ± √−121, అంటే 2 ± 11i. కార్డానో కాలంలో రుణ సంఖ్యకు వర్గమూలం వచ్చిందంటే లెక్క అక్కడితో ఆగినట్టే. బొంబెల్లి ఆగలేదు. ఆ వింత సంఖ్యకూ ఘనమూలం ఉండొచ్చుననుకుని వెతికాడు, దొరికింది. (2 + i)² అంటే 3 + 4i. దాన్ని మళ్లీ 2 + i తో గుణిస్తే 6 + 3i + 8i − 4, అంటే 2 + 11i. కాబట్టి u = 2 + i, దానికి జతగా v = 2 − i. రెండూ కలిపితే i లు రద్దయి 4 మిగులుతుంది. వాస్తవ సంఖ్యతో మొదలై వాస్తవ సంఖ్యతోనే ముగిసిన లెక్క మధ్యలో సంకీర్ణ సంఖ్యల మీదుగా నడిచింది. నాకు బీజగణితంలో ఇంతకన్నా అందమైన ఘట్టం తెలియదు.

u కి విలువలు ఆరు. ఘన సమీకరణానికి కావాల్సినవి మూడే. uv = 5 అన్న షరతు ఆ ఆరింటినీ మూడు జతలు చేస్తుంది. జతలు కలిపితే 4, −2 + √3, −2 − √3 వస్తాయి. షరతు మరిచి ఏదో ఒక u కి ఇంకేదో v కలిపితే వచ్చే సంఖ్య సమీకరణాన్ని తృప్తిపరచదు. కార్డానో సూత్రంతో తప్పు జవాబులు వచ్చినప్పుడు మొదట అనుమానించాల్సింది దీన్నే.

అసలు ఆరే ఎందుకు వచ్చాయి, అవి వర్గ సమీకరణంలోకి ఎందుకు ఒదిగాయి? దీనికి కారణం 1770-71 నాటి రచనలో లగ్రాంజ్ చూపించాడు. ఇంటర్ రెండో ఏడాదిలో నేర్పే ω, అంటే ఒకటికి ఉన్న సంకీర్ణ ఘనమూలం, ఇక్కడ అక్కరకొస్తుంది. మూలాలను a, b, c అనుకుంటే u = (a + ωb + ω²c)/3. a = 4, b = −2 + √3, c = −2 − √3 అని వేసి చూడండి, సరిగ్గా 2 + i వస్తుంది. మూడు మూలాలను వరుస మార్చి ఆరు రకాలుగా పేర్చవచ్చు, కాబట్టి u కి ఆరు విలువలు. అయితే a, b, c లను చక్రంలా ఒక స్థానం తిప్పితే u మొత్తం ω తోనో ω² తోనో గుణించబడుతుంది, అంతే. వాటి ఘనం 1 కాబట్టి u³ మారదు. అలా ఆరు పేర్పులూ మూడేసి చొప్పున ఒకే u³ ని ఇస్తాయి. u³ కి మిగిలేవి రెండే విలువలు, వాటికి సరిపోయేది వర్గ సమీకరణం.