బొమ్మ బాగుంది, బల్బేది?

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే చేతులే ఇప్పుడు టేబుల్ ల్యాంపులూ చేస్తున్నాయి. అలాంటిదొకటి మీరు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడుతున్నారనుకోండి. తోలు మీది నెమళ్ల గురించి పది వాక్యాలు రాస్తారు. కొన్నవాళ్లు అడిగేది మాత్రం ‘దీనికి ఏ బల్బు పడుతుంది?’ అని.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది రెండు పిన్నుల బల్బు. దాన్ని నొక్కి తిప్పితే బిగుస్తుంది. అట్టపెట్టె మీద B22 అని ఉంటుంది. మరలా చుట్టి బిగించేది E27. ఒకదాని హోల్డర్‌లో రెండోది పట్టదు కాబట్టి ఆ పేరు రాయాల్సిందే. దాని పక్కనే ఎల్‌ఈడీ మాత్రమే వాడాలనీ, ఎన్ని వాట్లు మించకూడదనీ రాయండి. పాతకాలపు ఫిలమెంటు బల్బు వేడికి తోలు ముడుచుకుపోతుంది.

వెలుగు రంగు దగ్గర చిన్న చిక్కుంది. రంగు బల్బుది, ల్యాంపుది కాదు. 2700K బల్బు వేస్తే తోలు మీది ఎరుపు, పసుపు వెచ్చగా వెలుగుతాయి. అదే ల్యాంపులో 6500K తెల్ల బల్బు వేస్తే పాలిపోతాయి. అప్పుడు ‘ఫొటోలో ఉన్నట్టు లేదు’ అని సరుకు వెనక్కి వస్తుంది. అందుకే ఫొటో ఏ బల్బుతో తీశారో చెప్పాలి. ఎల్‌ఈడీ లోపలే బిగించి ఉంటే మార్చడానికి వీల్లేదని కూడా చెప్పాలి.

ఇక వైరు. ల్యాంపు అడుగు నుంచి ప్లగ్గు దాకా టేపు పెట్టి కొలవండి. 1.5 మీటర్లు అంటే సుమారు 5 అడుగులు, సరిపోతుందనిపిస్తుంది. కానీ మన స్విచ్‌బోర్డు చాలా ఇళ్లలో నాలుగడుగుల ఎత్తున ఉంటుంది. వైరు గోడ వెంట నాలుగడుగులు దిగి, నేల మీద మూడడుగులు పాకి, రెండడుగుల బల్ల ఎక్కాలంటే 9 అడుగులు కావాలి. కొలత ముందే తెలిస్తే కొనేవాళ్లు ఎక్స్‌టెన్షన్ బాక్సు చూసుకుంటారు. స్విచ్ వైరు మీద ఉందా, ల్యాంపు మీద ఉందా అన్నదీ ఒక ముక్క రాస్తే మంచిది.

చివరిది బల్బు సంగతి. వెలుగుతున్న ఫొటో చూసిన ఎవరైనా బల్బు కూడా వస్తుందనే అనుకుంటారు, వాళ్ల తప్పేం లేదు. అన్నీ కలిపి రాస్తే ఇంతే:

‘మేకతోలు టేబుల్ ల్యాంపు, ఎత్తు 12 అంగుళాలు. B22 హోల్డర్ ఒకటి. ఎల్‌ఈడీ మాత్రమే, 5 వాట్లు మించకూడదు. వైరు 1.5 మీటర్లు, స్విచ్ వైరు మీదే. ఫొటో 2700K బల్బుతో తీసినది. బల్బు ఇవ్వము, విడిగా కొనుక్కోవాలి.’

ఆ చివరి వాక్యాన్ని అడుగున దాచకండి. ధర పక్కనే పెట్టండి.