తొమ్మిది పబ్లికేషన్లలో పేపర్లెన్ని?

వేరుశనగ మీద పీహెచ్‌డీ పూర్తి చేసి, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టబోతున్న ఒక పరిశోధకురాలిని ఊహించుకుందాం. ఆమె సీవీలో ‘పబ్లికేషన్లు’ అన్న శీర్షిక కింద తొమ్మిది అంశాలున్నాయి. మొదటిది ఇంకా రాస్తున్న వ్యాసం. రెండోది అచ్చయిన జర్నల్ పేపర్. మూడోది ఒక సదస్సులో పెట్టిన పోస్టర్. నాలుగో వరుసకు వచ్చేసరికి సెలెక్షన్ కమిటీ సభ్యుడు పెన్సిల్ తీసి లెక్క మొదలుపెడతాడు.

ఆ లెక్క ఇలా తేలుతుంది: జర్నల్ పేపర్లు రెండు, సమీక్షలో ఉన్నది ఒకటి, రాస్తున్నవి రెండు, సదస్సు ప్రొసీడింగ్స్‌లో వచ్చిన పేపర్ ఒకటి, పోస్టర్లు రెండు, ప్రసంగం ఒకటి. పైగా ఆ ప్రసంగమూ, ప్రొసీడింగ్స్ పేపరూ ఒకే పని. ఆమె అబద్ధమేమీ రాయలేదు. అయినా తొమ్మిది అనుకున్నవాళ్లకు చివరికి రెండే కనిపిస్తే, అచ్చయిన ఆ రెండు మంచి పేపర్ల మీద కూడా అనుమానం వాలుతుంది.

అందుకే సీవీలో ముందు రకం, తర్వాతే తేదీ. జర్నల్ పేపర్లు, పుస్తక అధ్యాయాలు, ప్రొసీడింగ్స్, సమీక్షలో ఉన్నవి అని విడదీసి, ఒక్కో దాంట్లో కొత్తది పైన, పాతది కింద పెట్టాలి. ఏ రకం ముందుండాలన్నది రంగాన్ని బట్టి మారుతుంది. కంప్యూటర్ సైన్స్‌లో గట్టి సమీక్ష దాటి వచ్చే సదస్సు పేపర్లకే పెద్ద పీట కాబట్టి అక్కడ అవి పైకి వస్తాయి. వృక్షశాస్త్రంలో జర్నల్ పేపర్లదే మొదటి స్థానం.

అచ్చు కాని వాటి విషయంలో ఒక్కో మాటకూ ఒక్కో అర్థం ఉంది. ‘అంగీకరించారు’ అంటే ఎడిటర్ ఉత్తరం చేతికొచ్చిందని. ‘సమీక్షలో ఉంది’ అంటే ఏ నిర్ణయమైనా రావచ్చని. ‘రాస్తున్నాను’ అన్నదాన్ని ఎవరూ సరిచూడలేరు కనుక పబ్లికేషన్ల జాబితాలో వదిలేసి, పరిశోధన ప్రణాళికలో చెప్పుకోవడం మేలు. ప్రిప్రింట్‌గా పెట్టిన వ్యాసం తర్వాత జర్నల్‌లో వస్తే పాత వరుస తీసేయాలి. రెండూ ఉంచితే ఒకే పేపర్ రెండుసార్లు లెక్కకొస్తుంది.

రచయితల పేర్లు పేపర్లో ఏ వరుసలో ఉన్నాయో సీవీలోనూ అదే వరుసలో రాయాలి. తన పేరు మూడోదైతే మూడోదిగానే ఉంచి, దాన్ని బోల్డ్‌లో చూపితే చాలు. కరెస్పాండింగ్ రచయిత పేరు పక్కన చుక్క గుర్తు పెట్టి, అదేమిటో శీర్షిక కింద ఒక్క ముక్కలో చెప్పాలి. దీనివల్ల మార్కులే మారతాయి. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం సైన్స్ పేపర్‌కు మూల స్కోరు 8. ఇద్దరి కంటే ఎక్కువమంది రాస్తే మొదటి లేదా కరెస్పాండింగ్ రచయితకు అందులో 70 శాతం, అంటే 5.6. మిగతావాళ్లకు తలా 30 శాతం, అంటే 2.4. గణితంలో మాత్రం పేర్లను అక్షరక్రమంలో వేయడం మామూలు కాబట్టి, అక్కడ వరుసను చూసి ఎవరి వాటా ఎంతో చెప్పలేం.

ప్రసంగాల్లో ఆహ్వానం మీద వెళ్లి మాట్లాడినవి, అబ్‌స్ట్రాక్ట్ పంపి అవకాశం పొందినవి, పోస్టర్లు వేరువేరుగా ఉండాలి. ఒక్కోదానికి ప్రసంగం పేరు, సదస్సు పేరు, ఊరు, నెల, ఏడాది చాలు. ప్రొసీడింగ్స్‌లో భాగమైన ప్రసంగానికి ఒక్కసారే స్కోరు అడగాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. కనుక మన పరిశోధకురాలు ఆ ప్రసంగం పక్కన ‘పేపర్ సంఖ్య 3 చూడండి’ అని రాస్తే ఎవరికీ తికమక ఉండదు.

గ్రాంట్ల దగ్గర జరిగే పొరపాటు వేరు. ఆమె తన జేఆర్‌ఎఫ్‌నూ, గైడ్ ప్రాజెక్టులో ఫెలోగా పనిచేసిన మూడేళ్లనూ గ్రాంట్లుగా రాసుకుంది. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్‌ల కిందకు పోవాలి, ప్రాజెక్టు ఉద్యోగం అనుభవం కిందకు పోవాలి. ప్రాజెక్టు ఎవరి పేరున మంజూరైందో గ్రాంటు వాళ్లది. అలాంటిది ఉన్నవాళ్లు ప్రాజెక్టు పేరు, నిధులిచ్చిన సంస్థ, తన పాత్ర పీఐయా కో-పీఐయా, మొత్తం ఎన్ని లక్షలు, ఎప్పటినుంచి ఎప్పటివరకు అన్నవి మంజూరు పత్రంలో ఉన్నట్టే రాయాలి. పూర్తయిందో నడుస్తోందో తప్పక చెప్పాలి. 10 లక్షలు దాటిన ప్రాజెక్టు పూర్తయితే యూజీసీ లెక్కలో 10, ఇంకా నడుస్తుంటే 5.

సర్దిన తర్వాత ఆమె సీవీలో జర్నల్ పేపర్లు రెండు, ప్రొసీడింగ్స్ ఒకటి, సమీక్షలో ఒకటి, ప్రసంగం ఒకటి, పోస్టర్లు రెండు. గ్రాంట్ల శీర్షికే లేదు. అర పేజీ తగ్గింది. పైన కుడివైపు సీవీని తాజా చేసిన నెల, ఏడాది ఉన్నాయి. సమీక్షలో ఉన్న పేపర్‌కు ఎడిటర్ ఉత్తరం వచ్చిన రోజున ఆ వరుసా మారుతుంది, పైన తేదీ మారుతుంది.