ఆ నాలుగు లక్షల ఇరవై వేలు ఎవరి బాకీ?

ఇద్దరు స్నేహితులు కలిసి కంపెనీ పెట్టుకున్నారంటే మొదటి ఏడాది ఖర్చులకు ఒక పద్ధతంటూ ఉండదు. రిజిస్ట్రేషన్ ఫీజు ఒకరు కడతారు, సర్వర్ బిల్లు ఇంకొకరి క్రెడిట్ కార్డు మీద పోతుంది, ఆఫీసు అడ్వాన్సు ఎవరి ఖాతాలో డబ్బుంటే వాళ్లు ఫోన్‌పే కొట్టేస్తారు. "తర్వాత చూసుకుందాంలే" అన్న మాట మీద బండి నడుస్తుంది. ఆ తర్వాత అన్నది రానే వస్తుంది. ఎక్కువ పెట్టినవాడు ఒక రాత్రి మెసేజ్ పెడతాడు: "మామా, నేను పెట్టింది 4,20,000 అయింది. దీన్ని క్యాపిటల్ కింద రాసుకుందాం, ఓకేనా?" అవతలి నుంచి బొటనవేలి బొమ్మ వస్తుంది. ఇద్దరూ హాయిగా పడుకుంటారు. దేనికి ఒప్పుకున్నారో మాత్రం ఇద్దరికీ తెలియదు.

ఒక లెక్క వేసి చూద్దాం. అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో అద్దె వసూళ్లు, ఖాళీ మంచాల వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉందనుకోండి. కోడు రాసేది ఒకరు, హాస్టళ్ల చుట్టూ తిరిగి అమ్మేది ఒకరు. 10 రూపాయల షేర్లు 10,000. చెరి 5,000, అంటే సగం సగం. పద్నాలుగు నెలల్లో సొంత డబ్బు అమ్మకాలాయన 4,20,000 పెట్టాడు, కోడు రాసే ఆయన 1,80,000 పెట్టాడు. మొత్తం 6 లక్షలు.

ఇప్పుడు "క్యాపిటల్ కింద రాసుకుందాం" అన్న మాటను అమలు చేద్దాం. షేరు 10 రూపాయలకే ఇస్తే అమ్మకాలాయనకు కొత్తగా 42,000 షేర్లు వస్తాయి, కోడు రాసే ఆయనకు 18,000. పాతవి కలిపితే ఒకరికి 47,000, ఇంకొకరికి 23,000. సగం సగం అనుకున్నది 67కి 33 అయింది. షేరు 100 రూపాయలకు, అంటే 90 ప్రీమియంతో ఇచ్చారనుకోండి. అప్పుడు 9,200, 6,800 అవుతాయి. 57న్నరకు 42న్నర. డబ్బు అదే, మనుషులు వాళ్లే. మారింది షేరు ధర ఒక్కటే, ఆ మెసేజ్‌లో లేనిదీ అదే. ధర చెప్పకుండా క్యాపిటల్ అనడమంటే యాజమాన్యంలో ఎంత వాటా చేతులు మారుతుందో చెప్పకుండా సంతకం అడగడమే. పంపినవాడికి దురుద్దేశం ఉందని కాదు, చాలామందికి ఈ లెక్క తట్టదు.

ఇంకో ప్రశ్న కూడా ఆ మెసేజ్‌లో లేదు. ఈ డబ్బు బాకీ ఉన్నది ఎవరు? కంపెనీయా, స్నేహితుడా? అమ్మకాలాయన మనసులో "సగం చొప్పున చెరి 3 లక్షలు పడాలి, కాబట్టి వాడు నాకు 1,20,000 ఇవ్వాలి" అన్న లెక్క ఉండొచ్చు. కోడు రాసే ఆయన మనసులో "కంపెనీకి డబ్బులొస్తే కంపెనీ ఇస్తుంది" అని ఉండొచ్చు. రెండూ ఒకటి కాదు. కంపెనీ బాకీ అయితే, కంపెనీ మూతపడిన రోజున స్నేహితుడిని అడిగే హక్కు ఉండదు. లిమిటెడ్ అన్న మాటకు అర్థమే అది. వేరుగా రాసుకుంటే తప్ప అది స్నేహితుడి సొంత బాకీ కాదు. భాగస్వామ్య సంస్థ అయితే దారి కాస్త వేరు. ఒప్పుకున్న పెట్టుబడికి మించి భాగస్వామి వ్యాపారం కోసం డబ్బు పెడితే, వేరే ఒప్పందం లేనప్పుడు దాని మీద ఏడాదికి 6 శాతం వడ్డీ రావాలని 1932 నాటి చట్టమే చెబుతుంది. ప్రైవేట్ లిమిటెడ్‌లో అలా అడగకుండా వచ్చే వడ్డీ ఏమీ లేదు, రాసుకున్నదే రాత.

మరి ఎలా రాయాలి? ఇలాంటి చోట నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. ఇద్దరూ సమానంగా పెట్టినంత వరకు షేర్లుగా మార్చడం, ఒకరు అదనంగా పెట్టింది కంపెనీకి అప్పుగా ఉంచడం. ఇక్కడ సమాన భాగం చెరి 1,80,000. దాన్ని షేరు 10కి ఇచ్చినా 100కి ఇచ్చినా ఇద్దరికీ సమానంగానే వస్తాయి, సగం సగం చెక్కుచెదరదు. ధర గురించి తగువే రాదు. మిగిలిన 2,40,000 అమ్మకాలాయనకు కంపెనీ బాకీ. అప్పుడు మెసేజ్ ఇలా ఉంటుంది:

"మామా, లెక్కల షీటు పంపాను, ఒక్కో లైనూ చూడు. నాది 4,90,000 వచ్చింది. అందులో లాప్‌టాప్ 70,000 తీసేశా, అది నేను ఇంట్లో కూడా వాడుకుంటున్నా, నాదిగానే ఉండనీ. కాబట్టి 4,20,000. నీది 1,80,000. చెరి 1,80,000కి ఒకే ధరకు షేర్లు తీసుకుందాం, మన వాటాలు మారవు. నాకు మిగిలిన 2,40,000 కంపెనీ అప్పు, నీది కాదు. వడ్డీ వద్దు. ఇన్వెస్టర్ డబ్బులోంచి తీసుకోను. బ్యాంకులో మూడు నెలల ఖర్చు ఉంచాక నెలాఖరుకు మిగిలినదాంట్లో సగం నాకు కడదాం. నేను మానేసినా, నువ్వు మానేసినా ఇది మారదు. ఒప్పుకుంటే బోర్డు మీటింగ్‌లో పెడదాం. ఏదైనా తేడా అనిపిస్తే ఆదివారం లోపు చెప్పు, మొహమాటపడకురా."

పొడుగ్గానే ఉంది. కానీ ప్రతి వాక్యానికీ పనుంది. నెలాఖరు లెక్కనే చూడండి. కంపెనీ నెల ఖర్చు 60,000 అయితే మూడు నెలలకు 1,80,000 పక్కన ఉండాలి. నెలాఖరున ఖాతాలో 2,30,000 ఉంటే మిగులు 50,000, అందులో సగం 25,000 కడతారు. మిగులు అలాగే కొనసాగితే పది నెలల్లో బాకీ తీరిపోతుంది. మిగులు లేని నెలలో కట్టరు, ఎవరూ ఎవరినీ అడగరు. "వీలైనప్పుడు కడదాం" అని రాసుకుంటే ఆ వీలు ఒకరికి కనిపించిన నెలలో ఇంకొకరికి కనిపించదు. ఇన్వెస్టర్ మాట ముందే రాయడానికీ కారణముంది. వ్యాపారం పెంచడానికి పెట్టిన డబ్బు వ్యవస్థాపకుల పాత బాకీలకు పోతుందంటే ఏ ఇన్వెస్టరూ ఇష్టపడడు. పుస్తకాలు చూసే రోజున ఆయన ముందుగా అడిగేవాటిలో డైరెక్టర్ల అప్పు ఒకటి.

ఇక చట్టం సంగతి. ఇక్కడ తడబడేవాళ్లే ఎక్కువ, కాస్త ఆగి చెప్పాలి.

డైరెక్టరు దగ్గర కంపెనీ అప్పు తీసుకోవచ్చు. డిపాజిట్ల నిబంధనలు అడ్డు రాకుండా ఉండాలంటే మాత్రం "ఈ డబ్బు నా సొంతం, ఎవరి దగ్గరా అప్పు తెచ్చి ఇవ్వడం లేదు" అని ఆయన రాతపూర్వకంగా ఇవ్వాలి. పర్సనల్ లోన్ తీసి కంపెనీకి పెట్టినవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు, ఆ కాగితం మీద నిజాయితీగా సంతకం పెట్టలేరు. ఆ అప్పును ఏటా DPT-3 అనే ఫారంలో జూన్ 30 లోపు చూపించాలి కూడా. ఇంకో మెలిక ఉంది. షేర్ల డబ్బు బ్యాంకులో పడిందని INC-20A దాఖలు చేసేదాకా కంపెనీకి అప్పు తెచ్చుకునే అధికారమే లేదు. దానికి 180 రోజుల గడువుంది, చాలామంది చివరి వారం దాకా కదలరు. కాబట్టి ఆ ఫారం వేయకముందు తేదీతో "డైరెక్టర్ లోన్" అని పుస్తకాల్లో రాస్తే తప్పు దొరికినట్టే. అప్పటి ఖర్చులు కంపెనీ తిరిగి చెల్లించాల్సిన ఖర్చులుగా ఉండాలి. కంపెనీ పుట్టకముందు పెట్టినవైతే మొదటి బోర్డు మీటింగ్‌లోనే వాటి జాబితా చదివి, కంపెనీ వాటిని తనవిగా ఒప్పుకున్నట్టు మినిట్స్‌లో రాయించడం మంచిది.

"ప్రస్తుతానికి అప్పుగా ఉంచుదాం, ఎప్పుడైనా షేర్లుగా మార్చుకుందాం" అన్న వాక్యం వినడానికి తెలివైనదిగా ఉంటుంది. అప్పును షేర్లుగా మార్చుకునే షరతు చెల్లాలంటే ఆ అప్పు తీసుకోకముందే సభ్యులు ప్రత్యేక తీర్మానం చేసి ఉండాలి. తర్వాత గుర్తొచ్చి చేస్తే కుదరదు, అప్పుడు మామూలుగా కొత్త షేర్లు జారీచేసే దారిలోనే పోవాలి. మన ఉదాహరణలో చెరి 1,80,000కి కూడా అదే దారి. ఇద్దరికీ సమానంగా ఆఫర్ లెటర్లు ఇవ్వాలి, బోర్డు తీర్మానం చేయాలి, కేటాయించాక 30 రోజుల్లో PAS-3 వేయాలి. ఉన్న బాకీకి షేర్లు సరిచేసినట్టు చూపడమా, ఖాతాలోంచి చెల్లించి మళ్లీ ఖాతాలోకి తీసుకోవడమా అన్నది మీ సీఏ, కంపెనీ సెక్రటరీ తేల్చాల్సిన విషయం. ఈ ఫీజు దగ్గర పీనాసితనం పనికిరాదు. అధీకృత మూలధనం లక్షే పెట్టుకుని ఉంటే ముందు దాన్ని పెంచాలి.

బిల్లుల దగ్గరా ఒక మాట. అమ్మకాలాయన షీటులో ఒక లైను: సర్వర్ అద్దె 11,800. అందులో 10,000 అసలు, 1,800 జీఎస్టీ. బిల్లు ఆయన సొంత పేరు మీద వచ్చింది. జీఎస్టీ నమోదున్న కంపెనీ పేరు, నంబరు ఆ బిల్లు మీద ఉంటే ఆ 1,800ను కంపెనీ తన పన్నులో సర్దుకునేది. ఇప్పుడు అదీ ఖర్చే. ఖాతా సెట్టింగ్స్‌లో పేరు మార్చడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు, ఇక ముందు బిల్లులకైనా మార్చాలి. బిల్లు ఉన్న ఖర్చు తిరిగి ఇస్తే అది ఆయన ఆదాయం కాదు. బిల్లు లేకుండా "తిరుగుళ్ల ఖర్చు 40,000" అని గుండుగుత్తగా ఇస్తే అది జీతంలా, ఫీజులా కనిపిస్తుంది, పన్ను మాట వస్తుంది. బాకీ తీర్చేటప్పుడు నగదు అసలే వద్దు. అప్పు తీసుకోవడమైనా తీర్చడమైనా 20,000 చేరితే బ్యాంకు ద్వారానే జరగాలి, లేకపోతే ఎంత నగదో అంత జరిమానా పడొచ్చు.

ఇవన్నీ సర్దుకున్నాక కూడా కోడు రాసే ఆయన నుంచి రావాల్సిన ప్రశ్న ఒకటి మిగులుతుంది. "నువ్వు డబ్బు పెట్టావు సరే, పద్నాలుగు నెలలు జీతం లేకుండా రాసిన నా కోడు సంగతేంటి?" న్యాయమైన ప్రశ్నే. కానీ అది ఖర్చుల షీటులో తేలేది కాదు. అమ్మకాలాయనా అన్ని నెలలూ జీతం లేకుండానే తిరిగాడు. ఆ శ్రమకు ఇద్దరూ సగం సగం అని మొదటి రోజే వెల కట్టుకున్నారు. తీసుకోని జీతాన్ని కంపెనీ బాకీగా రాయాలనుకుంటే, మొదటి నుంచీ ఎంత జీతమో తీర్మానం ఉండి, దాని మీద టీడీఎస్ లెక్కలూ చూసుకుని ఉండాలి. వెనక్కి వెళ్లి సృష్టించడానికి లేదు. అందుకే ఆ మెసేజ్‌కు జవాబుగా ఆయన ఒక వాక్యం చేర్చమని అడగాలి: ఈ రోజు వరకు ఇద్దరి పనికీ ప్రతిఫలం ఇప్పుడున్న షేర్లే, ఫలానా నెల నుంచి చెరి ఇంత జీతం, కట్టలేని నెలలో అది కంపెనీ బాకీ. అది చేర్చిన పాఠాన్నే ఇద్దరూ బోర్డు మినిట్స్‌కు జతచేసి సంతకాలు పెట్టాలి.